అడ్రసును మింగేసే అడుగంచు

‘చిక్కడపల్లి’ అని టైపు చేసిన చోట కాగితం మీద ‘చికడపలి’ లాంటిదేదో కనిపిస్తే, ఆ ఆఫీసు లెటర్‌హెడ్ అడుగంచుకు మరీ దగ్గరగా ఉందని అర్థం. కాగితం చివరి మిల్లీమీటర్లలో ప్రింటరు ఏమీ వేయదు. ఆ అంచుకు ఆనుకుని రాసిన తెలుగు అడ్రసులో ముందు పోయేవి వత్తులే, ఎందుకంటే అవి గీత కింద వేలాడుతుంటాయి. ఇంగ్లిషు అడ్రసుకు ఈ బెడద కాస్త తక్కువ. జీ, వై లాంటి అక్షరాల తోకలు పోయినా పదం పోల్చుకోవచ్చు. తెలుగులో వత్తు పోతే పదమే మారిపోతుంది.

చాలా ఆఫీసుల్లో దీన్ని ప్రింటరు జబ్బుగా లెక్కేస్తారు. మెకానిక్‌ని పిలుస్తారు, ట్రే బయటికి లాగి మళ్లీ పెడతారు, కార్ట్రిడ్జ్ మారుస్తారు. కొత్త ప్రింటరు కొన్నా అడ్రసు అక్కడే తెగుతుంది. ప్రింటరు తను చేయగలిగినంతా చేస్తూనే ఉంటుంది. లెటర్‌హెడ్‌నే దానికి సాధ్యం కాని కొలతలతో తయారు చేసి ఇచ్చారు.

ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలంటే ప్రెస్సుకు వెళ్లాలి. డీటీపీ సెంటర్లో లెటర్‌హెడ్ డిజైన్ చేసే వ్యక్తి చేతికి అలవాటైంది ఆఫ్‌సెట్ ముద్రణ. అక్కడ రంగు పట్టీ కాగితం అంచు దాకా రావాలంటే, పట్టీని అంచు దాటించి మరో 3 మిల్లీమీటర్లు బయటికి గీస్తారు. దాన్నే బ్లీడ్ అంటారు. ముద్రణ పెద్ద షీటు మీద జరుగుతుంది, ఆ తర్వాత కటింగ్ మెషిన్ ఆ షీటును A4 కొలతకు కోస్తుంది. కత్తి పట్టీ మధ్యలోంచి వెళ్లడం వల్ల రంగు అంచు దాకా ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే ప్రెస్సులోనూ యంత్రం కాగితం అంచు మీద ముద్రించదు. ముద్రణ అయ్యాక కొత్త అంచును కోసి తయారు చేస్తారు. ఆఫీసు ప్రింటరుకు కత్తి లేదు. దానికి అందేది ముందే కోసిన కాగితం.

లేజర్ ప్రింటరు ఆ కాగితం అంచును వదిలేయడానికి కారణాలున్నాయి. అక్షరాలు టోనర్ పొడితో ఏర్పడతాయి. పొడి మోసుకొచ్చిన కాగితం ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్య నుంచి పోతుంది. సుమారు 200 డిగ్రీల వేడికి పొడి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. ముందు వెళ్లే అంచు మీద కూడా కరిగిన టోనర్ ఉంటే కాగితం రోలర్‌కు అంటుకుని చుట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఆ అంచు ఖాళీగా ఉంటే రోలర్ నుంచి తేలిగ్గా విడివడుతుంది. మిగతా అంచుల సంగతి వేరు. కాగితం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా అంచు దాటిన పొడి లోపలి రోలర్ల మీద పడి తర్వాతి కాగితాల వెనక మరకలు చేస్తుంది. అందుకే చాలా లేజర్ ప్రింటర్లు నాలుగు వైపులా సుమారు 4.2 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఆరో వంతు, వదిలేస్తాయి.

ఇంక్‌జెట్ ప్రింటరులో వేడి రోలర్ లేదు కానీ కాగితాన్ని పట్టి నడిపించే రోలర్లు ఉన్నాయి. కాగితం తోక భాగం వెనక రోలర్ల పట్టు నుంచి జారిపోయాక బయటికి లాగే చిన్న చక్రాల మీదే ఆధారపడుతుంది, అప్పుడది కదలకుండా ఉంటుందన్న నమ్మకం తక్కువ. అందుకే ఇప్పటి ఇంక్‌జెట్లలో చాలావరకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు వదిలితే, పాతవి కొన్ని అడుగున మాత్రం 12 మిల్లీమీటర్ల పైగా వదిలేస్తాయి. అడ్రసు ఉండేదీ ఆ అడుగుభాగంలోనే.

అంచు దాకా ముద్రించే బోర్డర్‌లెస్ సౌకర్యం ఫొటోలు వేసే ఇంక్‌జెట్లలో ఉంటుంది కదా అని కొందరు దాన్ని ఎంచుకుంటారు. లెటర్‌హెడ్‌కు అది పనికిరాదు. బొమ్మను కాగితం కన్నా కొంచెం పెద్దది చేసి, అంచు దాటినదాన్ని వదిలేయడమే ఆ పద్ధతి. ఫొటోలో ఆకాశం నాలుగు మూలలా కాస్త తగ్గితే ఎవరికీ తెలియదు. అడ్రసులో చివరి అంకె తగ్గితే తెలుస్తుంది.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఓ చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉందనుకోండి. డీటీపీ సెంటరు ఇచ్చిన లెటర్‌హెడ్‌లో పైన లోగో, కాగితం పై అంచుకు 3 మిల్లీమీటర్ల దూరంలో మొదలవుతుంది. అడుగున 8 మిల్లీమీటర్ల ఎత్తున్న నీలం పట్టీ అంచును తాకుతూ ఉంటుంది, దాని మధ్యలో తెల్ల అక్షరాలతో వెబ్‌సైటు పేరు. పట్టీకి పైన రెండు వరుసలు: ఒకదాంట్లో రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, దాని కింద ఫోను, ఈమెయిలు, కంపెనీ గుర్తింపు సంఖ్య సీఐఎన్. స్క్రీన్ మీద చూస్తే ఏ వంకా పెట్టడానికి లేదు.

అదే ఫైలును మూడు సీట్ల నుంచి ప్రింటు తీస్తే మూడు రకాల కాగితాలు వస్తాయి. మేనేజరు గదిలోని లేజర్ మీద పట్టీ సగానికి పైగా పోయి, దాని కింద తెల్లటి గీత మిగులుతుంది. వెబ్‌సైటు పేరు పై సగమే పడుతుంది, ఎందుకంటే ఆ అక్షరాలు అంచు నుంచి 3, 5 మిల్లీమీటర్ల మధ్య ఉన్నాయి, 4.2 మిల్లీమీటర్ల దాకా ప్రింటరు వేయదు. లోగో తల కూడా ఓ మిల్లీమీటరు తగ్గుతుంది. గుమాస్తా దగ్గరున్న పాత ఇంక్‌జెట్ మీద పట్టీ మొత్తం పోతుంది, దానితోపాటు అంచుకు 10 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న సీఐఎన్ వరుస కూడా. అకౌంటెంట్ కంప్యూటర్ నుంచి తీసిన కాగితంలో అడుగున ఏమీ ఉండదు. అడ్రసు, ఫోను, పట్టీ, అన్నీ మాయం.

మొదటి రెండింటికి కారణం ఇప్పటిదాకా చెప్పుకున్నదే. మూడోది వేరే సంగతి, ఇండియాలోని ఆఫీసుల్లో అదే ఎక్కువ నష్టం చేస్తోంది.

మన దగ్గర వాడే A4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. అమెరికా, కెనడాల్లో వాడే లెటర్ సైజు కాగితం దాదాపు 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279.4 మిల్లీమీటర్ల పొడవు. అంటే వెడల్పులో 6 మిల్లీమీటర్లు ఎక్కువ, పొడవులో 17.6 మిల్లీమీటర్లు తక్కువ. కంప్యూటర్లో విండోస్ వేసినప్పుడు ప్రాంతం దగ్గర అమెరికాను అలాగే వదిలేస్తే, వర్డ్‌లోనో ప్రింటరు సెట్టింగుల్లోనో కాగితం సైజు లెటర్‌గా ఉండిపోతుంది. ట్రేలో ఉన్నది A4 అయినా, కంప్యూటరు మాత్రం అది 17.6 మిల్లీమీటర్లు పొట్టి కాగితమనే నమ్ముతుంది. ఆ పొట్టి కాగితం అంచు నుంచి మళ్లీ 4.2 మిల్లీమీటర్లు వదలాలి. మొత్తం కలిపితే A4 అడుగున దాదాపు 22 మిల్లీమీటర్ల మేర ఏమీ పడదు. విజయవాడ కంపెనీ అడ్రసంతా ఆ 22 మిల్లీమీటర్లలోనే ఉంది.

కొన్ని ప్రోగ్రాములు పేజీని పై నుంచి కాకుండా మధ్యకు సర్ది వేస్తాయి. అప్పుడు నష్టం పైకీ కిందికీ సమంగా పంచుకుపోయి, ఒక్కో వైపు సుమారు 13 మిల్లీమీటర్లు పోతాయి. లోగో, అడ్రసు రెండూ ఒకేసారి గట్టిగా తెగితే మొదట అనుమానించాల్సింది కాగితం సైజునే. అంచున సన్నగా, ఓ నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే తెగితే అది ప్రింటరు వదిలే అంచు. ఈ ఒక్క తేడా గుర్తుపడితే సగం వెతుకులాట తప్పుతుంది.

ప్రింటు ఇవ్వగానే ప్రింటరు నారింజ రంగు లైటు వెలిగించి ఊరికే నిలబడటం కూడా చాలాసార్లు ఇదే గొడవ. పాత హెచ్‌పీ లేజర్ ప్రింటర్ల తెర మీద `PC LOAD LETTER` అని వచ్చేది. పేపర్ క్యాసెట్‌లో లెటర్ సైజు కాగితం పెట్టమని దాని అర్థం. ట్రేలో A4 నిండుగా ఉన్నా అది అడిగేది వేరే కాగితాన్ని. విసుగెత్తి అలాగే ముందుకు పొమ్మని బటన్ నొక్కితే A4 మీదే లెటర్ కొలతతో ముద్రించి, అడుగున రెండు సెంటీమీటర్ల తెల్ల జాగా వదిలేస్తుంది.

ఈ సైజు మూడు చోట్ల సరిపోలాలి. మొదటిది ఫైలు: వర్డ్‌లో `Layout` కింద `Size` నొక్కి A4 ఎంచుకోవాలి. రెండోది విండోస్‌లో ఆ ప్రింటరు సెట్టింగు: `Printing preferences` లో కాగితం సైజు A4 అని ఉండాలి. అయితే అది ఆ కంప్యూటర్లో లాగిన్ అయిన ఒక్కరికే వర్తిస్తుంది. అందరికీ మారాలంటే `Printer properties` లోకి వెళ్లి, `Advanced` ట్యాబ్ కింద ఉన్న `Printing Defaults` లో మార్చాలి. చాలామంది మొదటి దగ్గరే ఆగిపోతారు, మర్నాడు షిఫ్టు మారి వేరే గుమాస్తా లాగిన్ అయ్యేసరికి అడ్రసు మళ్లీ పోతుంది. మూడోది ప్రింటరు సొంత తెర: అక్కడ ట్రే సైజు అడిగే చోట కూడా A4 అనే ఉండాలి.

ఇక లెటర్‌హెడ్‌నే కొత్తగా కట్టుకోవడం. ముందు తెలుసుకోవాల్సింది మన ఆఫీసులోని ప్రింటర్లు ఎంత వదులుతున్నాయన్నది. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో ఆ సంఖ్య ఉంటుంది కానీ, కాగితం మీద స్కేలుతో కొలిచిందే నమ్మదగినది.

వర్డ్‌లో A4 ఖాళీ పేజీ తెరిచి, `Insert` కింద `Shapes` లో దీర్ఘచతురస్రం తీసుకుని, దాని కొలతలు 21 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు అని టైపు చేయాలి. స్థానం పేజీ నుంచి అడ్డంగా 0, నిలువుగా 0. అంటే అది కాగితమంతా కప్పేయాలి. దానికి లేత బూడిద రంగు నింపితే చాలు, ముదురు రంగైతే టోనర్ దండగ. దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల పొడవున్న గీత ఒకటి, పై వైపును చూపించే బాణం గుర్తు ఒకటి గీయాలి. ఇప్పుడు ఆఫీసులోని ప్రతి ప్రింటరులో ఈ పేజీని నాలుగైదు సార్లు వేయాలి. అంచులు తెగుతాయని వర్డ్ హెచ్చరించవచ్చు, ఈసారికి కావాల్సిందే అది కనుక ముందుకు పోవచ్చు.

బయటికొచ్చిన కాగితంలో బూడిద రంగు చుట్టూ తెల్లటి చట్రం మిగులుతుంది. ఆ తెల్ల భాగమే ఆ ప్రింటరు ముద్రించలేని అంచు. నాలుగు వైపులా స్కేలు పెట్టి కొలిచి, ప్రింటరు పేరుతో ఆ కాగితం మీదే రాసుకోవాలి. నాలుగైదు కాగితాలు ఎందుకంటే, ఒక్కో కాగితానికీ చట్రం కొంచెం మారుతుంది. ఒకదాంట్లో ఎడమవైపు 4 ఉంటే మరోదాంట్లో 5 ఉండొచ్చు, కాగితం ట్రేలోంచి వచ్చేటప్పుడు ఓ మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు జరగడం మామూలే. లెక్కలోకి తీసుకోవాల్సింది అన్నిట్లోకీ పెద్ద సంఖ్యను. ఇక 10 సెంటీమీటర్ల గీత 10 సెంటీమీటర్లే ఉందో లేదో చూడాలి. 9.6 అని వచ్చిందంటే ఎక్కడో ఒకచోట పేజీని కుదించే సెట్టింగు పనిచేస్తోంది, అప్పుడు తెల్ల చట్రం కొలతలు నమ్మలేం.

ఇంత ఓపిక లేనివారికి వర్డ్‌లోనే ఒక దగ్గరి దారి ఉంది. ప్రింటరును ఎంచుకుని, `Page Setup` లో నాలుగు మార్జిన్లూ 0 అని ఇచ్చి `OK` నొక్కితే, మార్జిన్లు ముద్రించగలిగే జాగా దాటిపోయాయని చెబుతూ `Fix` అనే బటన్ చూపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ ప్రింటరు డ్రైవరు ఒప్పుకునే అతి తక్కువ మార్జిన్లు వచ్చి నిలుస్తాయి. ఇది డ్రైవరు చెప్పే లెక్క. కాగితం జరిగే మిల్లీమీటర్లు ఇందులో ఉండవు.

విజయవాడ కంపెనీలో కొలిస్తే లేజర్ నాలుగు వైపులా 4 నుంచి 5 మిల్లీమీటర్లు, పాత ఇంక్‌జెట్ అడుగున 13 మిల్లీమీటర్లు వదులుతున్నాయని తేలిందనుకుందాం. పెద్ద సంఖ్యకు కాగితం జరిగేందుకు 2 మిల్లీమీటర్లు కలిపితే, అడుగున 15 మిల్లీమీటర్ల లోపల ఏ అక్షరమూ ఉండకూడదు. పైన, పక్కల 10 మిల్లీమీటర్లు వదిలితే సరిపోతుంది. అంచును తాకే నీలం పట్టీ ఇక కుదరదు. దాని స్థానంలో పక్కల 15 మిల్లీమీటర్ల చొప్పున వదిలి, 180 మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి నీలం గీత పెడితే లెటర్‌హెడ్ అందం ఏమీ తగ్గదు. కాగితం చుట్టూ చట్రం గీయాలన్న కోరిక మాత్రం మానుకోవడమే మంచిది. చట్రం తెగకపోయినా, కాగితం ఒక్క మిల్లీమీటరు జరిగితే ఒకవైపు ఎడం ఎక్కువ, మరోవైపు తక్కువ అయి వంకరగా కనబడుతుంది.

వర్డ్‌లో ఫుటర్ మీద రెండుసార్లు నొక్కితే పైన `Footer from Bottom` అనే గడి కనిపిస్తుంది. ఫుటర్‌లోని చివరి వరుస కాగితం అడుగు నుంచి ఎంత ఎత్తున ఉండాలన్నది అదే నిర్ణయిస్తుంది. వర్డ్ మామూలుగా ఇచ్చేది 1.27 సెంటీమీటర్లు, అంటే అర అంగుళం. లేజర్‌కు అది చాలు. ఉత్తరం ఒకే పేజీలో ఇరికించాలని ఎవరో ఒకరు దాన్ని 0.3 చేసేయడంతోనే గొడవ మొదలవుతుంది. మన ఉదాహరణలో అక్కడ 1.5 ఇవ్వాలి. అడ్రసు మూడు వరుసలు, 9 పాయింట్ల ఇంగ్లిషు అక్షరాలైతే ఒక్కో వరుసకు సుమారు 4 మిల్లీమీటర్లు, మొత్తం 12. అంటే ఫుటర్ తల అడుగు నుంచి 27 మిల్లీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఉత్తరం రాత దానికి తగలకుండా మరో 5 మిల్లీమీటర్లు వదిలితే, కింది మార్జిన్ 3.2 సెంటీమీటర్లు. అడ్రసు తెలుగులో ఉంటే వత్తులకు, గుడులకు జాగా కావాలి కనుక వరుసకు 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా లెక్కేసుకుని, మార్జిన్‌ను 3.5 చేయడం మేలు.

ఇక్కడే మరో చిక్కు దాగి ఉంది, దాని నేరం కూడా ప్రింటరు మీదే పడుతుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో `Line spacing` దగ్గర `Exactly` అని ఎంచుకుని 10 పాయింట్లో 12 పాయింట్లో ఇస్తే, వరుస ఎత్తు అంతకు మించదు. తెలుగు అక్షరాల పైభాగం, వత్తుల కిందిభాగం ఆ ఎత్తులో పట్టక కోసుకుపోతాయి. లోగో కూడా వరుసలో అక్షరంలా పెట్టి ఉంటే, దాని అడుగున సన్నటి ముక్క తప్ప మిగతాదేదీ కనిపించదు. కనిపెట్టడం సులువే: స్క్రీన్ మీద కూడా తెగే ఉంటే అది ఈ సెట్టింగు పనే. స్క్రీన్ మీద నిండుగా ఉండి కాగితం మీద తెగితేనే అంచుల సంగతి. `Exactly` ని `Single` గా మారిస్తే లోగో, వత్తులు వెంటనే తిరిగొస్తాయి.

లోగోను హెడర్‌లో పెట్టాక దాని మీద కుడి బటన్ నొక్కి లేఅవుట్ సెట్టింగుల్లో స్థానాన్ని అంకెల్లో ఇవ్వాలి. అడ్డంగా 15 మిల్లీమీటర్లు, నిలువుగా 10 మిల్లీమీటర్లు, రెండూ `Page` నుంచి. అక్కడ `Paragraph` అని ఉంటే హెడర్‌లో ఎవరైనా ఒక ఎంటర్ నొక్కినా లోగో కిందికి జరుగుతుంది, ఒక వరుస చెరిపేస్తే పైకి పోయి అంచులో దూరుతుంది.

చాలా ఆఫీసుల్లో వాడుకలో ఉన్న పద్ధతి దీనికి పూర్తిగా వేరు. డీటీపీ సెంటరు లెటర్‌హెడ్ మొత్తాన్ని ఒకే జేపీజీ బొమ్మగా వాట్సాప్‌లో పంపుతుంది, ఆఫీసువారు దాన్ని వర్డ్‌లో రాతకు వెనక పేజీ నిండా పరుస్తారు. A4 పేజీ మీద సన్న అక్షరాలు స్ఫుటంగా రావాలంటే బొమ్మకు 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుంచించుకుపోయి చేరుతుంది, అడ్రసు అక్షరాల అంచులు మసకబారతాయి. అంతకన్నా పెద్ద నష్టం, బొమ్మలోని అడ్రసును పైకి జరపడానికి వీల్లేకపోవడం. అడుగు తెగుతోందని బొమ్మను కుదిస్తే లోగో, పట్టీ, అక్షరాలు అన్నీ కలిసి చిన్నవవుతాయి. అందుకే డీటీపీ సెంటర్‌ను అడగాల్సింది లోగోను మాత్రమే, వెనక తెలుపు లేకుండా, పీఎన్‌జీ ఫైలుగా. అడ్రసును ఫుటర్‌లో టైపు చేసుకోవాలి. ఫోను నంబరు మారితే మళ్లీ సెంటరు చుట్టూ తిరిగే పని కూడా ఉండదు.

అంచు దాకా రంగు పట్టీ ఉండి తీరాలనుకునే కంపెనీలకు దారి మూసుకుపోలేదు. పట్టీ, లోగో ప్రెస్సులో ముందే అచ్చు వేయించి, ఆ కాగితాలను ట్రేలో పెట్టుకుని, ఆఫీసులో ఉత్తరం మాత్రమే ముద్రించుకోవచ్చు. అలా చేయించేటప్పుడు ఈ కాగితాలు లేజర్ ప్రింటరులోకి వెళతాయని ప్రెస్సువారికి ముందే చెప్పాలి. ఫ్యూజర్ వేడికి తట్టుకోని సిరా కరిగి రోలర్లకు అంటుకుంటుంది. వర్డ్ ఫైలులో పైన కింద ఖాళీ జాగాలు మాత్రం వదలాలి.

ఉత్తరం పీడీఎఫ్‌గా మారి బయటికి వెళ్లాక దాన్ని ఎవరు ఏ ప్రింటరులో తీస్తారో చెప్పలేం. అడోబ్ రీడర్‌లో ప్రింటు ఇచ్చినప్పుడు `Fit`, `Actual size` అనే రెండు ఎంపికలు కనిపిస్తాయి. `Fit` పేజీని ప్రింటరు ముద్రించగలిగే జాగాలో పట్టేలా కుదిస్తుంది. A4 పేజీని A4 లేజర్ మీద తీస్తే అది దాదాపు 96 శాతానికి తగ్గుతుంది. ఏదీ తెగదు కానీ, 40 మిల్లీమీటర్ల లోగో 38 అవుతుంది, మార్జిన్లు కొంచెం పెరుగుతాయి. సొంత ఆఫీసులో, సరిగ్గా కట్టుకున్న లెటర్‌హెడ్‌కు `Actual size` వాడాలి. ఎవరో కట్టిన ఫైలు అడుగు తెగుతుంటే `Fit` అప్పటికప్పుడు ఆదుకుంటుంది.

ఈ విషయం తెలుగువారికి మరో రకంగానూ తగులుతుంది. అమెరికా యూనివర్సిటీలకు, అక్కడి కంపెనీలకు ఇక్కడి నుంచి వెళ్లే బ్యాంకు సర్టిఫికెట్లు, అనుభవ పత్రాలు A4 పీడీఎఫ్‌లే. అక్కడి ట్రేలో ఉండేది లెటర్ కాగితం. `Actual size` తో తీస్తే సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసు అడ్రసు, ఫోను నంబరు ఉన్న భాగమే తెగిపోయే అవకాశం ఎక్కువ, ధ్రువీకరణకు కావాల్సింది సరిగ్గా అదే. `Fit` పెడితే పేజీ సుమారు 91 శాతానికి కుదిరి అన్నీ పడతాయి. 9 పాయింట్ల అడ్రసు 8 పాయింట్ల పైచిలుకుగా మిగులుతుంది, చదవడానికి ఇబ్బంది లేదు. అమెరికాకు తరచూ ఉత్తరాలు పంపే ఆఫీసైతే లెటర్ సైజులో రెండో లెటర్‌హెడ్ కట్టుకోవడం ఇంకా మంచిది.

కంపెనీలకు ఈ ఫుటర్ అలంకారం మాత్రమే కాదు. కంపెనీల చట్టం 2013లోని 12వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపెనీ తన వ్యాపార ఉత్తరాలు, బిల్లులు, లెటర్ పేపర్లు, నోటీసుల మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, 21 అక్షరాలంకెల సీఐఎన్, ఫోను నంబరు, ఉంటే ఫ్యాక్సు, ఈమెయిలు, వెబ్‌సైటు ముద్రించాలి. ఈ సెక్షన్‌ను పాటించకపోతే కంపెనీకి, బాధ్యులైన అధికారులకు తప్పు కొనసాగినన్ని రోజులూ రోజుకు 1,000 రూపాయల చొప్పున, లక్ష రూపాయలకు మించకుండా జరిమానా ఉంది. విజయవాడ కంపెనీ పాత లెటర్‌హెడ్‌లో మొదట పోయేవి వెబ్‌సైటు, సీఐఎన్ అని గుర్తు చేసుకుంటే, ఆ రెండు వరుసలను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం కష్టం కాదు. సీఐఎన్‌ను పైన కంపెనీ పేరు కిందికి తెచ్చేస్తే ఏ ప్రింటరూ దాన్ని ముట్టుకోదు. చట్టం అవి ముద్రించాలంటుంది, అడుగునే ఉండాలని అనదు.

ఇక మిగిలింది రెండో పేజీ. మొదటి పేజీలో నిండు లెటర్‌హెడ్, తర్వాతి పేజీల్లో కంపెనీ పేరు, పేజీ సంఖ్య మాత్రమే ఉండాలంటే ఫుటర్ తెరిచి `Different First Page` గుర్తు పెట్టాలి. అప్పుడు ఫుటర్లు రెండవుతాయి, అయితే `Footer from Bottom` కొలత ఆ రెండింటికీ ఒకటే. ఉత్తరం చివరి వరుసల్లో పేజీ సంఖ్య తెగుతోందంటే, కొలత మారకపోయినా ఎవరో రెండో ఫుటర్‌లోకి గీతో బొమ్మో విడిగా లాగి అంచుకు దగ్గరగా వదిలేశారని చూసుకోవాలి. అందుకే పరీక్ష ప్రింటు ఒక పేజీతో ఆపకుండా, కనీసం రెండు పేజీల ఉత్తరంతో, కాగితానికి రెండు వైపులా తీసి చూడాలి. వెనక వైపు ముద్రించడానికి కాగితం ప్రింటరులో తిరగబడి మళ్లీ వెళుతుంది కనుక, ఆ వైపు రాత ఇంకో మిల్లీమీటరు జరగొచ్చు.

అన్నీ సరిపోయాక ఫైలును `.dotx` రకంలో టెంప్లేటుగా దాచాలి. దాని మీద రెండుసార్లు నొక్కితే ప్రతిసారీ కొత్త ఉత్తరం తెరుచుకుంటుంది, అసలు ఫైలు మారదు. పాత ఉత్తరాన్ని తెరిచి, పేరు తేదీ మార్చి, మరో పేరుతో దాచుకునే అలవాటు వల్లే కొలతలు ఒక్కో ఫైలులో ఒక్కో రకంగా చెదిరిపోతుంటాయి. టెంప్లేటు పక్కనే ఆ బూడిద రంగు పరీక్ష పేజీని కూడా దాచి ఉంచితే, కొత్త ప్రింటరు వచ్చిన రోజున మొదటి ప్రింటుగా దాన్నే తీసి అడుగున తెల్ల భాగాన్ని కొలవొచ్చు. అది 13 మిల్లీమీటర్లు దాటకపోతే లెటర్‌హెడ్‌లో ఏదీ మార్చనక్కర్లేదు. దాటితే `Footer from Bottom` గడిలోని 1.5 ను పెంచాలి, కింది మార్జిన్‌ను కూడా అంతే పెంచాలి.